స్కూలు బిల్డింగ్ 1:50 మోడల్ చేసిన మూడు వారాలు: అడుగుల నుంచి మిల్లీమీటర్లకు, మళ్లీ వెనక్కి

ఫిబ్రవరి 28న సైన్స్ డే ఎగ్జిబిషన్. ఎనిమిదో తరగతిలో ఉన్న మా అమ్మాయికి, తన ముగ్గురు స్నేహితురాళ్లకు వాళ్ల క్లాసు రూముల బ్లాకు మోడల్ చేసే పని వచ్చింది. కింద మూడు గదులు, పైన మూడు గదులు, ముందు వరండా, చివర మెట్లు. నేను బిల్డింగ్ డ్రాయింగులు వేసే పనిలో ఉన్నాను కాబట్టి లెక్కల దగ్గర పక్కన కూర్చున్నాను. కోతలు, అతుకులు అన్నీ పిల్లలవే. అట్టలు కోసి అంటించడం కష్టం కాలేదు. అసలు కొలతను మోడల్ కొలతగా మార్చేటప్పుడు, మోడల్ మీది కొలతను మళ్లీ అసలు కొలతగా చెప్పేటప్పుడు ఎక్కడెక్కడ తప్పు దొర్లుతుందో ఈ మూడు వారాల్లో వరసగా ఎదురైంది. అది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం. స్కూలు ఆఫీసులో ఇచ్చిన ప్లాను జిరాక్సు తీసుకుని పిల్లలు ఇంటికొచ్చారు. ఏ4 కాగితం, కింద మూల "స్కేలు 1:100" అని ఉంది. స్కేలుబద్దతో కొలిచి వందతో గుణిస్తే సరిపోతుంది కదా అని అప్పటికే సగం కొలతలు రాసుకొచ్చారు కూడా. గది పొడవు కాగితం మీద 52 మి.మీ. వచ్చింది. వందతో గుణిస్తే 5.2 మీటర్లు, అంటే పదిహేడు అడుగులు. కానీ అదే గది మధ్యలో 24'-0" అని అచ్చేసి ఉంది!

కాగితం మీద స్కేలు రాసి ఉన్నా దాన్ని నమ్మే ముందు ఈ ఒక్క పరీక్ష చేయాలి. 24 అడుగులంటే 7315 మి.మీ. దాన్ని 52తో భాగిస్తే దాదాపు 141. అంటే మా చేతిలో ఉన్నది 1:141 బొమ్మ. అసలు డ్రాయింగు ఏ3 కాగితం మీద 1:100లో వేసింది. జిరాక్సు మెషీన్‌లో ఏ4కి కుదించినప్పుడు 71 శాతానికి తగ్గింది. బొమ్మ చిన్నదైంది కానీ మూలన ఉన్న అక్షరాలు మాత్రం 1:100 అనే చెబుతున్నాయి. ఫోన్లో వచ్చిన పీడీఎఫ్‌ను ప్రింటు తీయించినా ఇదే గొడవ. ప్రింటర్ దాన్ని కాగితం అంచుల్లోకి పట్టించడానికి రెండు మూడు శాతం కుదిస్తుంది. అంత తేడా కంటికి కనబడదు కాబట్టి అది ఇంకా ప్రమాదం. ప్లాను మీద అంకెల్లో రాసి ఉన్న కొలతను వాడాలి, బొమ్మ మీద స్కేలుబద్ద పెట్టి కొలవకూడదు. మా ఫీల్డులో మొదటి రోజే చెప్పే మాట ఇది. పిల్లలు రాసుకొచ్చిన పేజీ మొత్తం కొట్టేశాం.

ప్లానులో అన్ని కొలతలూ లేవు. పైగా కట్టేటప్పుడు మేస్త్రీలు అక్కడక్కడ మార్చి ఉంటారు. అందుకని బిల్డింగ్‌నే కొలవాలనుకున్నాం. 9న హెడ్ మేడంకి లెటర్ ఇస్తే 12న పర్మిషన్ వచ్చింది, రెండో శనివారం సెలవు కాబట్టి 14న రమ్మన్నారు. మీరు కూడా ఇలాంటిది చేస్తుంటే ఈ అయిదారు రోజులు లెక్కలో పెట్టుకోండి.

కొలవడానికి మూడు గంటలు పట్టింది. ముప్పై మీటర్ల రీలు టేపు, తలుపులు కిటికీలకు చిన్న స్టీలు టేపు. రీలు టేపు కొసన ఇనుప కొక్కెం ఉంటుంది. కొన్నిటికి సున్నా ఆ కొక్కెం బయటి అంచు దగ్గర మొదలవుతుంది, కొన్నిటికి టేపు మీద కాస్త లోపల గీత ఉంటుంది. తెలిసిన పొడవున్న వస్తువును ఒకటి ముందు కొలిచి చూసుకోవాలి. ఒక గదిలో కొస సరిగ్గా ఆనడం లేదని ఒక అమ్మాయి ఒక అడుగు గీత దగ్గర పట్టుకుని మొదలెట్టింది. అలా పట్టుకోవచ్చు, మేమూ పట్టుకుంటాం. కాకపోతే పట్టుకున్న మనిషి గట్టిగా "ఒక అడుగు తీసెయ్" అని అరవాలి. అరవలేదు. మూడు గదులూ 24 అడుగులే అయినా మధ్య గది 25 వచ్చింది. వెంటనే పట్టుకున్నాం.

ఒక్కో గది లోపల 24 అడుగులు, 20 అడుగులు. గోడలు తొమ్మిదంగుళాలవి, కానీ తలుపు దగ్గర అడ్డంగా కొలిస్తే పది అంగుళాలు వచ్చాయి. రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిసి అంత అవుతుంది. వరండా 7 అడుగుల 10 అంగుళాలు. ఇవి కాక బయట నుంచి మొత్తం పొడవు, మొత్తం వెడల్పు విడిగా కొలిపించాను. పొడవు 75 అడుగుల 4 అంగుళాలు, వరండాతో కలిపి వెడల్పు 29 అడుగుల 6 అంగుళాలు. "విడివిడిగా కొలిచాం కదా అంకుల్, మళ్లీ ఎందుకు?" అని అడిగారు. ఆ సాయంత్రమే తెలిసొచ్చింది.

ఎత్తు దగ్గర టేపు పనికిరాలేదు. పై ఫ్లోరు ఎత్తుకు మెట్లు లెక్కపెట్టాం. 21 మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు. 126 అంగుళాలంటే పది అడుగుల ఆరంగుళాలు. నాలుగైదు మెట్లు కొలిచి సరాసరి తీసుకోవాలి. ఫ్లోరింగ్ తర్వాత వేస్తారు కాబట్టి మొదటి మెట్టు, ఆఖరి మెట్టు తరచూ ఎక్కువ తక్కువలు ఉంటాయి.

స్కేలు ఏది పెట్టాలన్నది అప్పుడు తేల్చాం. 1:100 పెడితే బ్లాకు 23 సెంటీమీటర్లే వస్తుంది, మెట్టు ఒకటిన్నర మిల్లీమీటరు అవుతుంది. 1:25 పెడితే తొంభై సెంటీమీటర్ల పైన, ఆటోలో తీసుకెళ్లలేం. 1:50లో 46 సెం.మీ. అసలు కారణం మాత్రం అట్ట మందం. దొరికే సన్‌బోర్డు అనే ప్లాస్టిక్ అట్ట 3 మి.మీ., 5 మి.మీ. మందాల్లో ఉంటుంది. 1:50లో 5 మి.మీ. అంటే 25 సెంటీమీటర్లు, ప్లాస్టరింగ్‌తో కలిపిన మా పది అంగుళాల గోడ దాదాపు అంతే. 3 మి.మీ. అంటే 15 సెంటీమీటర్లు. ఫ్లోరింగ్‌తో కలిపిన శ్లాబుకూ, ఒక మెట్టు ఎత్తుకూ అది సరిపోతుంది. దొరికే అట్ట మందానికి గోడ కుదిరే స్కేలు ఎంచుకుంటే పని సగం తేలికవుతుంది.

ఆ రాత్రి లెక్కలు. అంగుళం 25.4 మి.మీ., యాభైతో భాగిస్తే 0.508 మి.మీ. అంటే 1:50లో అంగుళానికి అర మిల్లీమీటరు పైన కొద్దిగా. పిల్లల్లో ఒకరికి వెంటనే తట్టింది, అంగుళాల్లో సగం చేస్తే మిల్లీమీటర్లు వచ్చేస్తాయి కదా అని. చాలా మంచి ఉపాయం. మూడున్నర అడుగుల తలుపు 42 అంగుళాలు, సగం 21. అసలు లెక్క 21.3. కత్తి గీత మందంలో పోతుంది. అదే ఉపాయం మొత్తం పొడవుకు వాడితే 904 అంగుళాలకు 452 వస్తుంది, సరైన జవాబు 459.2. ఏడు మిల్లీమీటర్ల తేడా అంటే అసలు బిల్డింగ్‌లో అడుగు పైన. అన్నిటికీ సగం పద్ధతే వాడినా మోడల్‌లో ఆకారం చెడదు, అది 1:50.8 మోడల్ అవుతుంది, అంతే. కొన్నిటికి సగం, కొన్నిటికి అసలు లెక్క కలిపితేనే ముక్కలు అతకవు. మేం చిన్న వాటికి చూచాయగా సరిచూసుకోవడానికి సగం పద్ధతి పెట్టుకుని, కోతకు వెళ్లే ప్రతి అంకెనూ ఫోన్లో స్ప్రెడ్‌షీటు నుంచి తీసుకున్నాం. ఏలో అడుగులు, బీలో అంగుళాలు, సీలో మోడల్ మిల్లీమీటర్లు:

```
=(A2*12+B2)*25.4/50
```

అడుగులకు, అంగుళాలకు వేర్వేరు గడులు పెట్టడానికి కారణం ఆ రాత్రే కనబడింది. షీటు చేయకముందు ఒక అమ్మాయి క్యాలిక్యులేటర్‌తో వరండా లెక్క చేసింది. 7 అడుగుల 10 అంగుళాలను 7.10 అని కొట్టింది. అడుగుకు పన్నెండు అంగుళాలు, పది కాదు. 7.10 అంటే ఏడడుగులు దాటి అంగుళం పైచిలుకు మాత్రమే. సరైనది 7.83. మోడల్‌లో 47.8 రావాల్సిన వరండా 43.3 వచ్చింది. ఆ అంకెను విడిగా చూస్తే ఎవరికీ అనుమానం రాదు. బయటి నుంచి కొలిచిన మొత్తం వెడల్పు ఉంది కాబట్టి పట్టుబడింది. 29 అడుగుల 6 అంగుళాలు మోడల్‌లో 179.8. గదులు, గోడలు కలిపి 132.1, దానికి 43.3 కలిపితే 175.4. నాలుగున్నర మిల్లీమీటర్లు ఎక్కడికో పోయాయి. వెతికితే ఆ చుక్క దొరికింది.

పొడవు కూడా ఇలాగే కూడి చూశాం. మూడు గదులు కలిపి 72 అడుగులు, నాలుగు గోడలు ఒక్కోటి పదంగుళాల చొప్పున 40 అంగుళాలు. మొత్తం 75 అడుగుల 4 అంగుళాలు. టేపు చెప్పిందీ అదే. గోడలు మర్చిపోయి గదుల కొలతలతోనే కట్టి ఉంటే మోడల్ రెండు సెంటీమీటర్లు పొట్టిగా వచ్చేది.

16న సామాను కొన్నాం. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో సన్‌బోర్డు కట్ పీసులు 380 రూపాయలు, బేస్‌కు రెండడుగులు బై అడుగున్నర ప్లైవుడ్ ముక్క 250, జిగురు 60, కట్టర్ బ్లేడులు 40, కిటికీ అద్దాలకు ట్రాన్స్‌పరెంట్ షీటు 20. థర్మోకోల్ తీసుకుంటే చవక, కానీ ఇన్‌స్టంట్ జిగురు తగిలితే అది కరిగి గుంటపడుతుంది. పీవీసీ సన్‌బోర్డుకు ఆ భయం లేదు.

18న పెద్ద దెబ్బ. ముందు వెనక పొడుగు గోడలు 459 కోశారు, అడ్డ గోడలు నాలుగూ 132 కోశారు. లెక్కలన్నీ సరైనవే. అతికించి, పైన శ్లాబు అట్టను వెనక గోడ అంచుకు సరిపెట్టి చూస్తే వరండా వైపు అట్ట సెంటీమీటరు తక్కువైంది. అంకెలన్నీ మళ్లీ చూశారు, తప్పు దొరకలేదు. తప్పు అంకెల్లో లేదు. 132 అన్నది బయటి నుంచి బయటికి కొలత. అడ్డ గోడ రెండు పొడుగు గోడల మధ్య ఇరుక్కుంటుంది కాబట్టి ఆ రెండు అట్టల మందం, అయిదు అయిదు పది మిల్లీమీటర్లు తీసేసి 122 కోయాలి. తీసేయకపోతే అసలు బిల్డింగ్ అర మీటరు లావెక్కినట్టు. గుర్తుపెట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఇరుక్కునే గోడ పొడవు ఎప్పుడూ గది లోపలి కొలతే. 20 అడుగులు మోడల్‌లో 121.9, మనకు కావాల్సిన 122 అదే. పొడుగు గోడలకు బయటి కొలత, మధ్యలో వచ్చే వాటికి లోపలి కొలత. అప్పటి నుంచి ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో "బ" లేదా "లో" అని రాసుకున్నారు. అతికించినవి విప్పి నాలుగు గోడలు మళ్లీ కోయడానికి రెండు సాయంత్రాలు పోయాయి.

గోడ ఎత్తు దగ్గరా ఇదే సూత్రం. ఫ్లోరు నుంచి ఫ్లోరుకు 64 మి.మీ. అందులో 3 శ్లాబు అట్టది. గోడ 61 మాత్రమే కోయాలి.

21, 22 తేదీల్లో మెట్లు. 21 మెట్లకు 3 మి.మీ. ముక్కలు ఒకదాని మీద ఒకటి, ఒక్కోటి వెనక్కి 5 మి.మీ. జరుపుతూ పేర్చితే పని అయిపోతుందనుకున్నాం. అయిపోయింది కూడా, కానీ పై ఫ్లోరు దగ్గరికొచ్చేసరికి నాలుగు మిల్లీమీటర్ల కింద ఆగింది. అసలులో ఎనిమిది అంగుళాలు, అంటే ఒక మెట్టు కన్నా ఎక్కువ. రెండు కారణాలు. ఆరంగుళాలు నిజానికి 3.048 మి.మీ., దాన్ని 3 అనుకోవడం వల్ల 21 మెట్లకు కలిపి ఒక మిల్లీమీటరు పోయింది. మిగతా మూడు అట్ట తిన్నది. పది ముక్కలు బిగ్గా పేర్చి కొలిస్తే 30 రాలేదు, 28.5 వచ్చింది. "3 మి.మీ." అని అమ్మిన బోర్డు 2.85 ఉంది. ఒక్క ముక్కను స్కేలుబద్దతో కొలిస్తే ఈ తేడా ఎన్నటికీ కనబడదు, పది పేర్చి కొలిచి పదితో భాగించాలి. విప్పదీసి ప్రతి మెట్టు కింద ఒక పొర చార్టు కాగితం అంటించాం. మెట్టుకు 0.2 మి.మీ. కావాలి, చార్టు దాదాపు అంతే మందం ఉంటుంది. ఈసారి మెట్లు శ్లాబును తాకాయి. ఒకే ముక్క చాలాసార్లు వచ్చే చోట, మెట్లు, రెయిలింగు కమ్మీలు, కిటికీల వరస, ముందు మొత్తం కొలతను మార్చి తర్వాత భాగించాలి. ఒక్క ముక్కను సరిచేసి హెచ్చవేయకూడదు.

సన్‌బోర్డు 5 మి.మీ. కూడా అలాగే కొలిచాం. 4.9 వచ్చింది, ఒదిలేశాం.

23న పిల్లలు షాపులో మనుషుల బొమ్మల ప్యాకెట్టు తెచ్చారు, 150 రూపాయలు. వరండాలో నిలబెడితే తలుపు ముందు పసిపిల్లల్లా ఉన్నారు. బొమ్మ 18 మి.మీ. యాభైతో గుణిస్తే 90 సెంటీమీటర్లు. అవి 1:100 మోడళ్ల కోసం చేసినవి. అయిదున్నర అడుగుల మనిషి మాకు 33 మి.మీ. పైన ఉండాలి. మార్పిడి వెనక్కి చేయడమంటే ఇదే, షాపులోనే స్కేలుబద్ద పెట్టి యాభైతో గుణించి చూస్తే 150 మిగిలేవి. చివరికి చార్టు మీద 33 మి.మీ. ఎత్తు నీడ బొమ్మలు కోసుకున్నారు. చెట్లకూ ఇదే లెక్క.

26న ఇంట్లో రిహార్సల్. చూడటానికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు నేను అడిగాను. మోడల్ మీద కొలిచి అసలు కొలత చెప్పడానికి షీటులో ఇంకో వరస పెట్టుకున్నారు. అక్కడ ఒక చిక్కు. గది 146.3 మి.మీ. కొడితే 24 అడుగులు రావాల్సింది 23 అడుగుల 11.99 అంగుళాలు వచ్చింది. ముందు అంగుళాలను దగ్గరి పూర్ణ సంఖ్యకు తెచ్చి, తర్వాత అడుగులుగా విడగొడితే సరిపోయింది. డీ, ఈ, ఎఫ్ గడుల్లో:

```
=ROUND(C2*50/25.4,0)
=INT(D2/12)
=MOD(D2,12)
```

ఇక్కడ ఒక హద్దు కూడా ఉంది. స్కేలుబద్దతో మనం ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా చదవగలం. మోడల్ మీద మిల్లీమీటరంటే అసలులో 5 సెంటీమీటర్లు, రెండు అంగుళాలు. కాబట్టి మోడల్‌ను కొలిచి "ఇరవై మూడడుగుల పదకొండున్నర" అని చెప్పడంలో అర్థం లేదు, "సుమారు 24 అడుగులు" అనాలి.

తర్వాత "ఈ గది ఎన్ని చదరపు అడుగులు?" అని అడిగాను. మా అమ్మాయి మోడల్ గదిని కొలిచి, 14.63 బై 12.19, 178 చదరపు సెంటీమీటర్లు అని, యాభైతో గుణించి, మార్చి, "తొమ్మిదిన్నర చదరపు అడుగులు నాన్నా" అంది. అని తనే ఆగిపోయింది. నలభై మంది కూర్చునే గది ఒక చాప అంత కూడా లేదు! పొడవు యాభై రెట్లు పెరుగుతుంది, వెడల్పూ యాభై రెట్లు పెరుగుతుంది, కాబట్టి వైశాల్యం 2500 రెట్లు. 178ని 2500తో గుణిస్తే 4,45,000 చదరపు సెంటీమీటర్లు, 44.5 చదరపు మీటర్లు, దాదాపు 480 చదరపు అడుగులు. 24 ఇంటూ 20 కూడా 480. గ్రాఫ్ కాగితం మీద ఒక మిల్లీమీటరు గడిని, దాని పక్కనే యాభై బై యాభై గడుల చదరాన్ని గీసి పెట్టుకున్నారు. ఎగ్జిబిషన్‌లో మాటలకన్నా అది బాగా పనికొచ్చింది.

మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఇంకా బాగుంది. ఘనపరిమాణం 50 ఇంటూ 50 ఇంటూ 50, అంటే 1,25,000 రెట్లు. వెయ్యి లీటర్లంటే పది లక్షల మిల్లీలీటర్లు. భాగిస్తే 8 మిల్లీలీటర్లు. దగ్గు సిరప్ సీసా మీది కొలత మూతలో 8 మి.లీ. నీళ్లు పోసి పక్కన పెట్టారు. 28న చాలామంది మోడల్ కంటే ఆ మూత దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

మొత్తం ఖర్చు 900 రూపాయలు. అందులో బొమ్మల 150 దండగ. కొలతలు, లెక్కలకు రెండు రోజులు, కోత అతుకులకు ఏడు సాయంత్రాలు. అందులో విప్పి మళ్లీ చేసినవి మూడు.

బేస్ మీద "స్కేలు 1:50" అని రాయడంతో పాటు, దాని కింద సరిగ్గా 100 మి.మీ. పొడవున నలుపు తెలుపు పట్టీ గీయించి "5 మీటర్లు" అని రాయించాను. సోమవారం స్కూలు వాళ్లు నోటీసు బోర్డు కోసం మోడల్‌ను పైనుంచి ఫోటో తీసి చిన్నగా ప్రింటు వేశారు. ఆ ప్రింటులో 1:50 అన్న అక్షరాలు ఇప్పుడు తప్పే. పట్టీ మాత్రం బిల్డింగ్‌తో పాటే కుదించుకుపోయింది. మా అమ్మాయి కాగితం అంచు మీద పట్టీ పొడవు గుర్తు పెట్టుకుని, బిల్డింగ్ పొడవునా జరుపుతూ కొలిచింది. నాలుగున్నర పట్టీలు దాటి కొద్దిగా. ఇరవై మూడు మీటర్లు.